"ఈ టెన్షన్ మీకెందుకండీ ఇంకా?"

2024 మే నెలలో ఒక బుధవారం మధ్యాహ్నం, మా డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ తెరిచి, దాని పక్కన నా ఫోన్ బోర్లా పెట్టి, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, మేనేజర్‌తో వీడియో కాల్‌లో కూర్చున్నాను. చేతులు చల్లబడిపోయాయి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యని దొంగపనేదో చేస్తున్నట్టు అనిపించింది. కానీ అప్పటికి నాలుగు నెలలుగా నా వయసు గురించి మేనేజర్ నోట నేను వింటున్న మాటలు ఎవరికైనా చెబితే "ఛ, అతను అలా ఎందుకంటాడు, మనవాడే కదా, ఏదో చనువుకొద్దీ అనుంటాడు" అంటున్నారు. అందుకని ఆయన గొంతుతోనే వినిపిద్దామనుకున్నాను.

ఆ రికార్డింగ్ నాకు ఎందుకూ పనికిరాలేదు. పనికిరాకపోతే పోయె, ఇంకాస్త ఉంటే నా కొంపే ముంచేది. రాసిపెట్టుకున్న రెండు వందల రూపాయల రూళ్ళ పుస్తకం మాత్రం (విజయవాడ నుంచి మా చెల్లెలు పద్దులు రాసుకోమని ఇచ్చింది) పనికొచ్చింది. ఎందుకో చెప్పడానికే ఇదంతా. అమెరికాలో ఉద్యోగం చేస్తూ యాభై దాటిన తెలుగువాళ్ళకి ఇది పనికొస్తుంది. హైదరాబాద్‌లో ప్రైవేటు కంపెనీలో ఉన్నవాళ్ళకి వయసు వివక్షని అడ్డుకునే ఇలాంటి చట్టం అండ లేదు కాబట్టి ఈ లెక్కలు అక్కడికి పట్టుకెళ్ళకండి.

నేను 1998లో వైటుకె హడావుడిలో వచ్చినవాణ్ణి. ఒరాకిల్ డేటాబేస్ పని. ఉండేది డాలస్ దగ్గర. నేనీ కథ చెబుతున్నప్పటికి నాకు 57, మా మేనేజర్‌కి 35 దాకా ఉంటాయి. తెలుగువాడే, ఉండేది కాలిఫోర్నియాలో. ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి, దాంతో పనుంది.

మనవాళ్ళ నోట వయసు మాట తిట్టులాగా రాదు. మర్యాదగా వస్తుంది. ఆఫీసులో మా మేనేజర్ నన్ను "పెద్దాయన" అనేవాడు. "పిల్లలు సెటిలయ్యారు, ఇంటి అప్పు తీరిపోయింది, ఇంకేంటండీ మీకు" అనేవాడు. ఫిబ్రవరి మొదటి వారంలో "రాత్రిపూట ఆన్-కాల్ టెన్షన్ మీకెందుకండీ ఇంకా, కుర్రాళ్ళు చూసుకుంటారు" అన్నాడు. ఆ మాట విని నేను థాంక్స్ చెప్పాను. నిజంగా చెప్పాను. ఇంటికెళ్ళి మా ఆవిడతో మంచి కుర్రాడే అని కూడా అన్నాను.

దాని అసలు సంగతి మూడు నెలలకి గానీ బుర్రకెక్కలేదు. అప్పుడు మా కంపెనీ ఒరాకిల్ నుంచి క్లౌడ్‌లో పోస్ట్‌గ్రెస్‌కి మారుతోంది. కొత్త సిస్టమ్ ఎప్పుడు పడిపోతుందో, ఎందుకు పడిపోతుందో తెలిసేది రాత్రి రెండింటికి ఫోన్ మోగినవాడికే. ఆన్-కాల్‌లో లేనివాడికి ఆ గొడవలు తెలియవు, మర్నాటి మీటింగులో చెప్పడానికి అతని దగ్గర ఏమీ ఉండదు, కొన్నాళ్ళకి ఆ మీటింగుకే పిలవరు. జూన్‌లో నా రివ్యూ వచ్చింది: "కొత్త ప్లాట్‌ఫామ్‌లో అనుభవం పరిమితం." మరి ఆ అనుభవం రాకుండా చేసిందెవరు? నా ఆరోగ్యం మీద ప్రేమతో చేసిన పనే అది.

మనకి ఈ మాటలు తప్పుగా తోచకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మన బుర్రల్లో రిటైర్మెంటుకి ఒక నంబరు ఉంది. మా నాన్నగారు ప్రభుత్వ ఉద్యోగంలో 58కి దిగిపోయారు. ఆంధ్రలో అది 2014లో 60, 2022లో 62 అయింది, తెలంగాణలో 2021 నుంచి 61. ఎంతయినా ఒక నంబరంటూ ఉంది, అది దగ్గరపడగానే "ఇంకెన్నాళ్ళండీ" అని అడగడం "భోంచేశారా" అని అడిగినంత మామూలు. ఇక్కడ మాత్రం మామూలు ఉద్యోగాలకి ఆ నంబరే లేదు. 1967లో వచ్చిన వయోవివక్ష చట్టం మొదట 65 వరకే కాపాడేది, తర్వాత 70 వరకు, 1986లో ఆ పైహద్దు కూడా ఎత్తేశారు. విమాన పైలట్ల లాంటి కొన్ని ఉద్యోగాలకే వయసు హద్దులు మిగిలాయి. ఇరవై మందికి తగ్గకుండా ఉన్న కంపెనీలో నలభై నిండిన ప్రతి ఉద్యోగికీ ఈ చట్టం వర్తిస్తుంది, వీసా మీద ఉన్నా సరే.

సరే, రికార్డింగ్ దగ్గరికొద్దాం. అది పట్టుకుని ఒక లాయరమ్మ దగ్గరికెళ్ళాను. ఉద్యోగుల తరఫు కేసులే చూస్తుంది. నేను ఫోన్ తీసి ప్లే చెయ్యబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, మొట్టమొదట అడిగిన ప్రశ్న: "మీ మేనేజర్ ఏ రాష్ట్రంలో కూర్చుని మాట్లాడాడు?"

టెక్సస్‌లో సంభాషణలో ఉన్నవాళ్ళలో ఒక్కరి అనుమతి చాలు, ఆ ఒక్కరు మనమే కావచ్చు. ఫెడరల్ చట్టమూ అంతే. న్యూజెర్సీ, జార్జియా, నార్త్ కరోలినా కూడా అంతే. నేను చదివింది అక్కడిదాకానే. కాలిఫోర్నియాలో రహస్యంగా జరిగే సంభాషణకి అందరి అనుమతీ ఉండాలి. లేకపోతే నేరం, పైగా అవతలివాడు ఒక్కో ఉల్లంఘనకి 5,000 డాలర్ల చొప్పున మన మీద దావా వెయ్యొచ్చు. వాషింగ్టన్, పెన్సిల్వేనియా, ఫ్లోరిడా, ఇల్లినాయ్‌లలో కూడా ఒక్కరి అనుమతి సరిపోదు. మరి నేను టెక్సస్‌లో, అతను కాలిఫోర్నియాలో ఉంటే? 2006లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ముందుకి సరిగ్గా ఇలాంటిదే వచ్చింది. ఒక బ్రోకరేజి సంస్థ ఉద్యోగులు జార్జియాలో కూర్చుని కాలిఫోర్నియా క్లయింట్ల ఫోన్లు రికార్డు చేశారు. మా రాష్ట్రంలో ఇది తప్పు కాదని ఆ సంస్థ వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు, కాలిఫోర్నియా చట్టమే వర్తిస్తుందని చెప్పింది.

"ఇంక రికార్డు చెయ్యకండి. చేసింది డిలీట్ చెయ్యకండి. ఎవరికీ వినిపించకండి" అంది లాయరమ్మ. డిలీట్ చేస్తే సాక్ష్యం చెరిపేశావని అదొక కొత్త తలనొప్పి. రాష్ట్రం గొడవ లేకపోయినా కంపెనీ రూల్స్ పుస్తకంలో రహస్య రికార్డింగ్ నిషేధం అని ఒక లైను చాలాచోట్ల ఉంటుంది. చట్టప్రకారం తప్పు కాకపోయినా ఆ లైను చూపించి తీసేస్తామంటారు.

అసలు బాధ ఇంకోటుంది. ఇంటికొచ్చాక తలుపేసుకుని, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ 42 నిమిషాలూ విన్నాను. మూడొంతులు నా గొంతే. ప్రాజెక్టు నాకెందుకివ్వలేదని నేను దండకం చదువుతున్నాను, అతను "ఊఁ, ఊఁ" అంటున్నాడు. రికార్డవుతోందని నాకు తెలుసు కాబట్టి అతని చేత ఏదో అనిపించాలని నేను చేస్తున్న ప్రయత్నం చిన్నపిల్లాడికి కూడా తెలిసిపోతుంది. ముప్ఫయ్యో నిమిషం దగ్గర అతను "మీరు కూడా ఎప్పుడో అప్పుడు రిలాక్స్ అవ్వాలి కదండీ" అన్నాడు. ఎదురుచూసిన మాట వచ్చింది! దానికి నా జవాబు వినండి: "అవునండీ, ఎన్నాళ్ళని చేస్తాం, ఇంకో ఏడాదో రెండేళ్ళో."

నాకా ఉద్దేశం లేదు. అది మర్యాద కోసం అన్న మాట. ఎవరైనా "ఇంకెన్నాళ్ళు" అంటే "ఎన్నాళ్ళులెండి" అనడం మనకి ఊపిరి పీల్చినంత అలవాటు. కానీ ఆ టేపు కోర్టులో వినిపిస్తే, ఇంగ్లీషులోకి తర్జుమా చేయించి, "చూడండి, ఆయనే వెళ్ళిపోతానంటున్నాడు" అని కంపెనీ లాయరు చప్పట్లు కొడతాడు. కాబట్టి రికార్డింగ్ సంగతి దేవుడెరుగు, ముందు ఆ మాట అనడం మానండి. "నాకు రిటైరయ్యే ఆలోచన లేదండీ, పని చేద్దామనే ఉంది" అని ఒక్క వాక్యం, మొహం మీద నవ్వుతోనే చెప్పడం నేర్చుకోవాలి. నాకు వారం పట్టింది.

మరి టేపు లేకుండా ఎవరు నమ్ముతారు అంటారా? మిసిసిపీలో టాయిలెట్ సీట్లు తయారు చేసే ఒక ఫ్యాక్టరీలో రోజర్ రీవ్స్ అనే ఆయన నలభై ఏళ్ళు పనిచేశాడు. 1995లో, 57 ఏళ్ళ వయసులో, హాజరు పుస్తకాలు సరిగ్గా రాయలేదనే వంకతో తీసేశారు. ఆయన కోర్టులో చెప్పిన మాటలు రెండు. తనని తీసెయ్యడంలో చెయ్యి ఉన్న పై అధికారి "నువ్వు మేఫ్లవర్ ఓడలో వచ్చినంత ముసలాడివి" అన్నాడని ఒకటి (నాలుగు వందల ఏళ్ళ కిందట తొలినాటి వలసదారులు వచ్చిన ఓడ అది). తను ఒక మెషిన్ స్టార్ట్ చెయ్యడానికి తిప్పలు పడుతుంటే "ఈ పని చెయ్యడానికి నీకు మరీ వయసైపోయింది" అన్నాడని రెండోది. జ్యూరీ ఆయన్ని నమ్మింది. అప్పీలు కోర్టు మాత్రం ఆ మాటలు ఉద్యోగంలోంచి తీసేస్తున్నప్పుడు అన్నవి కావు కదా అని పక్కన పెట్టేసింది. 2000లో అమెరికా సుప్రీం కోర్టు, జడ్జీలందరూ ఏకమై, అలా పక్కన పెట్టడం తప్పని జ్యూరీ తీర్పుని నిలబెట్టింది.

ఆ రెండు మాటల్లో నేను రెండోదాన్నే మళ్ళీ మళ్ళీ చదివాను. మెషిన్ ఉంది, అది స్టార్ట్ కావడం లేదు, అప్పుడన్నాడు. ఎవరన్నారు, ఏ పని దగ్గర అన్నారు అనేది మాటకి అతుక్కుని ఉంది. విడిగా "ముసలాడు" అన్న మాటకి విలువ లేదు. కోర్టు భాషలో దాన్ని స్ట్రే రిమార్క్ అంటారు, అంటే దారినపోయే మాట. టెక్సస్, మిసిసిపీ ఒకే అప్పీలు కోర్టు కిందికి వస్తాయి. వయసు మాట ఒక్కటే సాక్ష్యంగా నిలబడాలంటే అక్కడ నాలుగు సంగతులు చూస్తారని లాయరమ్మ చెప్పింది: మాట వయసు గురించేనా, నిర్ణయానికి దగ్గర్లో అన్నదేనా, అన్నవాడికి ఆ నిర్ణయం మీద అధికారం ఉందా, మాటకీ నిర్ణయానికీ సంబంధం ఉందా. వేరే సాక్ష్యాలతో కలిపి చూపిస్తే ఇంత గట్టిగా పట్టుకోరు, కానీ రాసుకునేటప్పుడు ఈ నాలుగూ కళ్ళ ముందుంచుకుంటే మంచిది.

నా దగ్గరున్న మాటల్ని ఈ జల్లెడలో పోస్తే సగం పైన జారిపోయాయి. పక్క టీమ్ కుర్రాడు చాట్‌లో నా పేరు పక్కన పెట్టిన డైనోసార్ బొమ్మ నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. కానీ వాడికి నా ఉద్యోగం మీద ఏ అధికారమూ లేదు, పోయింది. "ఇండియా ఎప్పుడు వెళ్ళిపోతున్నారు" అన్నది వయసు మాటే కాదు. "రిటైర్మెంట్ ప్లాన్ ఏంటండీ" అని ఒకసారి అడగడం కూడా తప్పు కాదు, కంపెనీ ముందుచూపుతో అడిగిందని కోర్టులు ఒప్పుకుంటాయి. లేదని చెప్పాక మళ్ళీ మళ్ళీ అడిగితే, అడిగిన ప్రతిసారీ ఏదో ఒక పని చేజారితే, అది వేరు. నన్ను అస్సలు బాధపెట్టని "ఆన్-కాల్ టెన్షన్ మీకెందుకండీ ఇంకా" అన్న మాటే నాలుగు ప్రశ్నలకీ నిలబడింది.

ఇక పుస్తకం సంగతి. నేను రాసిన ఒక నమోదు ఇది, పేర్లు మాత్రం తీసేశాను:

"మార్చి 14, 2024, గురువారం. మధ్యాహ్నం 2:10, వీడియో కాల్. మేనేజర్, నేను, ఇంకో ఇద్దరు. బిల్లింగ్ డేటాబేస్ మార్పిడి ఎవరు చేస్తారన్న చర్చ. నేను చేస్తానన్నాను. మేనేజర్ తెలుగులో: 'పెద్దాయన్ని ఎందుకు కష్టపెట్టడం, ఆయన ఓల్డ్ స్కూల్, ఇది కుర్రాళ్ళ పని.' ఇద్దరిలో ఒకరు నవ్వారు. నేను: 'నాకు కష్టమేం లేదండీ, చేస్తాను.' పని 29 ఏళ్ళ అతనికి ఇచ్చారు. ట్రాన్స్‌క్రిప్ట్ ఆన్‌లో ఉంది. రాసింది అదే రోజు రాత్రి 9:30."

ఇందులో నా ఏడుపు లేదు చూడండి. మొదట్లో రాసిన పేజీల్లో "వీడికి ఒళ్ళు కొవ్వెక్కింది" లాంటివి ఉన్నాయి. కేసు నడిస్తే అవతలి లాయరు ఈ పుస్తకం అడిగి తీసుకుని ప్రతి అక్షరం చదువుతాడు, అప్పుడు మాట్లాడుకునేది నా నోటి గురించీ, వాడి కొవ్వు గురించీ అవుతుంది. ఆ పేజీలు చించనూ కూడదు, కుట్టుపుస్తకంలో చిరిగిన పేజీ ఇట్టే తెలిసిపోతుంది. అవి అలాగే ఉన్నాయి, సిగ్గుపడుతూ ఉంచాను. అన్నమాట ఏ భాషలో అన్నారో ఆ భాషలోనే రాయాలి, అర్థం తర్వాత రాసుకోవచ్చు. ఆ రోజే రాయాలి. మర్చిపోయిన రోజులకి వెనక్కెళ్ళి తేదీలు వేసి నింపితే ఒక్క తేదీ తప్పినా మొత్తం పుస్తకం అబద్ధమైపోతుంది. కంపెనీ లాప్‌టాప్‌లో రాయకూడదు, తీసేసిన రోజు ఉదయం తొమ్మిదింటికి దాని తలుపులు మూసుకుంటాయి.

పై నమోదులో "ట్రాన్స్‌క్రిప్ట్ ఆన్‌లో ఉంది" అన్న లైను నాకు తెలియకుండానే రాసిన మంచి లైను. మీటింగు సాఫ్ట్‌వేర్ తనంతట తానే మాటలు అక్షరాల్లోకి దించుతోంది, ఆ సంగతి తెర మీద అందరికీ కనిపిస్తోంది. అంటే రికార్డింగ్ నేను చెయ్యక్కర్లేదు, కంపెనీయే చేసింది, దాని సర్వర్లోనే ఉంది. (తెలుగు మాటల్ని అది ఏ రూపంలో దించిందో చూస్తే నవ్వొస్తుంది, కానీ 'ఓల్డ్ స్కూల్' మాత్రం చక్కగా దించి ఉంటుంది.) తేదీ, టైము నా దగ్గరుంటే లాయరు ఆ ముక్కే చెరపకుండా ఉంచమని నోటీసిచ్చి అడుగుతుంది. నేను డౌన్‌లోడ్ చేసుకోకూడదు.

ఎందుకు కూడదంటే క్రిస్టీన్ మెకెన్నన్ కేసు చూడండి. నాష్‌విల్‌లో ఒక పత్రికలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన ఆవిణ్ణి 62 ఏళ్ళప్పుడు తీసేశారు. వయసువల్లే తీశారని కేసు వేసింది. విచారణలో ఆవిడే చెప్పింది, ఉద్యోగం పోతుందేమోనన్న భయంతో ముందుజాగ్రత్తకి కంపెనీ రహస్య కాగితాలు జిరాక్స్ తీసి ఇంటికి తెచ్చుకున్నానని. ఇది తెలిసుంటే అప్పుడే తీసేసేవాళ్ళమంది కంపెనీ. 1995లో సుప్రీం కోర్టు చెప్పింది: కాగితాలు తెచ్చుకున్నంత మాత్రాన కేసు కొట్టేయడానికి వీల్లేదు, కానీ ఉద్యోగం మళ్ళీ ఇప్పించక్కర్లేదు, పోయిన జీతం కూడా ఆ కాగితాల సంగతి బయటపడిన రోజు వరకే లెక్క. అంటే గెలిచినా సగం చేతికి రాదు. మనం నమ్ముకున్న సాక్ష్యమే మన జీతానికి కత్తెరవుతుంది.

నేను తర్వాత చేసిన పని ఇంకా తేలిక. ఇలాంటి మాట విన్న ప్రతిసారీ మర్నాడు మేనేజర్‌కి ఒక ఈమెయిల్. "నిన్న మీరు బిల్లింగ్ పని వేరేవాళ్ళకి ఇస్తానన్నారు, నాకు కష్టమవుతుందన్నారు. నాకు కష్టం లేదు, ఆన్-కాల్‌లో కూడా నన్ను ఉంచమని కోరుతున్నాను." అంతే. అది కాదని అతను తిరిగి రాయొచ్చు. రాయలేదు. జులైలో హెచ్‌ఆర్‌కి రాసినప్పుడు మాత్రం "వయసు" అన్న మాట స్పష్టంగా పెట్టాను. ఇది లాయరమ్మ పట్టుబట్టి పెట్టించింది. "నాకు అన్యాయం జరుగుతోంది" అని ఎన్ని పేజీలు రాసినా దానికి చట్టం రక్షణ లేదు, "నా వయసు వల్ల నన్ను పక్కన పెడుతున్నారు" అని రాస్తే, ఆ ఫిర్యాదు చేసినందుకు కక్షగట్టడం అదే విడిగా ఒక ఉల్లంఘన అవుతుంది.

అక్టోబరు 8న లేఆఫ్ కాగితం వచ్చింది. ఇలా గుంపుగా తీసేసేటప్పుడు కేసు వెయ్యనని సంతకం అడిగితే, నలభై దాటినవాళ్ళకి ఆలోచించుకోవడానికి 45 రోజులు, సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. ఆ విభాగంలో ఎవర్ని తీశారో, ఎవర్ని ఉంచారో, వాళ్ళ ఉద్యోగాలూ వయసులూ జాబితా కూడా ఇవ్వాలి, పేర్లు అక్కర్లేదు. మా 14 మందిలో తీసినవాళ్ళు ఐదుగురు: 57, 54, 52, 49, 31. ఉంచినవాళ్ళలో అందరికంటే పెద్దవాడికి 44. ఆ 31 చూపించి వాళ్ళు వాదిస్తారని, ఇంత చిన్న గుంపులో అంకెలు వాటంతటవి ఏమీ తేల్చవని లాయరమ్మ ముందే చెప్పింది. ఇంకో హెచ్చరిక కూడా చేసింది: ఉద్యోగాల్లో వివక్ష ఫిర్యాదులు చూసే ఫెడరల్ కమిషన్‌కి ఫిర్యాదు చెయ్యడానికి మా రాష్ట్రంలో ఉండే 300 రోజులు ఆఖరి జీతం రోజునుంచి కాదు, తీసేస్తున్నామని చెప్పిన రోజునుంచే మొదలు. రాష్ట్ర సంస్థ దగ్గరైతే 180 రోజులే.

ఆ వారమే పుస్తకం తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టాను. 23 నమోదులు. ఒక్కోటీ నేను ఇంగ్లీషులో చెబుతుంటే ఆవిడ పెన్సిల్‌తో మూడింటి పక్కన మాత్రం గీత గీసింది. "పెద్దాయన" దగ్గర ఆగింది. దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు అంది. గౌరవంగా పెద్దవాళ్ళని అనే మాట, తిట్టు కాదు అని నిజమే చెప్పాను. కాసేపు ఆలోచించి, "మీ మేనేజర్ పైన ఉన్న వైస్ ప్రెసిడెంట్ వయసెంత?" అంది. అరవై ఒకటి, ఆయనా మనవాడే అన్నాను. "ఆయన్ని కూడా పెద్దాయన అంటాడా?"

లేదు. ఆయన్ని పేరు పక్కన గారు పెట్టి పిలుస్తాడు. నా కళ్ళ ముందే వందసార్లు పిలిచాడు, నాకెప్పుడూ తట్టలేదు.

"ఇది పుస్తకంలో ఉందా?" లేదన్నాను, మార్చి పేజీలో ఖాళీ ఉంది, అక్కడ రాస్తానని పెన్ను తీశాను. ఆవిడ ఆ పేజీ మీద చెయ్యి పెట్టి, చివరికి తిప్పి, "ఇక్కడ, ఇవాళ్టి తేదీ వేసి రాయండి" అంది.